ఒక్క మనిషి ఆరెకరాల సెనక్కాయ ఒక్క పూటలో పీకుతాడా?

ఆదివారం కళ్యాణదుర్గం దగ్గర మా ఊరికి పోయినప్పుడు అక్క కూతురు ఎనిమిదో తరగతి లెక్కల నోటు పట్టుకొని వచ్చింది. లెక్క ఇది: ఆరెకరాల వేరుశనగను 12 మంది 5 రోజుల్లో పీకుతారు, 15 మంది ఎన్ని రోజుల్లో పీకుతారు? పాప ఇట్లా చేసింది:

12 మందికి 5 రోజులు
1 మనిషికి 5/12 రోజు
15 మందికి 5/12 × 15 = 6¼ రోజులు

మా అమ్మ చదువుకోలేదు. పక్కనే చాటలో బియ్యం చెరుగుతా విని, "మనుషులు ఎక్కువొస్తే పని తొందరగా కావాల గదా పాపా, ఇంకా లేటయితే పిలిచేదెందుకు?" అనింది. పాప నా వైపు చూసి, "మామా, ఒకదానికి కనుక్కోవాలంటే భాగించాలని కదా ట్యూషన్‌లో చెప్పినారు?" అనింది.

నా కోపమంతా ఆ మాట మీదే. ఏకవస్తు పద్ధతి మొదలుపెట్టేది పెన్నులతో. 12 పెన్నులు 60 రూపాయలైతే ఒక పెన్ను 5 రూపాయలు. ఇది అనులోమం, ఇక్కడ భాగించడం సరే. ఇట్లాంటివి ఇరవై చేసేసరికి పిల్లల చేతికి "ఒకటి అంటే భాగహారం" అని అలవాటైపోతుంది. తర్వాత విలోమానుపాతం వస్తుంది. అప్పుడు ఆ అలవాటు మాన్పించకుండా మనుషులు M, రోజులు D అనుకొని M₁D₁ = M₂D₂ అని ఒక సూత్రం చేతిలో పెట్టి పంపిస్తారు.

చూడాల్సింది మధ్య వరుస. చాలామంది దాన్ని గబగబా దాటేసి చివరి జవాబు దగ్గర ఆగుతారు. 6¼ అనే అంకె చూస్తే తప్పని వెంటనే తట్టకపోవచ్చు. కానీ "1 మనిషికి 5/12 రోజు" అని పైకి చదివితే? పన్నెండు మంది ఐదు రోజులు నడుము వంచి చేసిన పనిని ఒక్కడే సగం రోజు కూడా పట్టకుండా ముగించినట్టు. చేను చూసిన పిల్ల ఎవరూ ఒప్పుకోరు. పన్నెండు మంది పని ఒక్కడి నెత్తిన పడితే రోజులు పెరగాలి, అంటే గుణించాలి: 12 × 5 = 60 రోజులు. ఆ అరవైని 15 మంది పంచుకుంటే తలా 4 రోజులు.

ఆ 60 ఏమిటో మా అమ్మకు తెలుసు. "ఎకరాకు పదిమంది పడతారు" అంటుంది. ఎన్ని రోజులకు అని అనదు, ఎందుకంటే ఆమె చెప్పేది పనిదినాల లెక్క, ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక పనిదినం. ఆరెకరాలకు అరవై. కూలి రోజుకు 400 అనుకుంటే 12 మందిని పిలిచినా 15 మందిని పిలిచినా మొత్తం 24,000 రూపాయలే. మనుషులు, రోజులు మారినా వాటి లబ్ధం మారదు అనేది డబ్బులు లెక్కపెడితే కళ్లకు కనబడుతుంది.

సరే, అది అర్థమైందా లేదా అని నేనే ఇంకో లెక్క ఇచ్చినా. 12 మంది పని మొదలుపెట్టినారు. రెండు రోజులైనాక ముగ్గురు పెండ్లికి పోయినారు. మిగిలిన పని ఎన్ని రోజులు? పాప వెంటనే 60 ÷ 9 చేసింది. ఆ రెండు రోజులు వాళ్లు చేసిన పని ఎక్కడ పోయింది? 12 × 2 = 24 పనిదినాలు అయిపోయినాయి. మిగిలింది 36, చేసేవాళ్లు 9 మంది, ఇంకా 4 రోజులు. మొత్తం ఎన్ని రోజులని అడిగితే 6. సూత్రం మాత్రమే తెలిసినవాళ్లు M₂ ఎక్కడ పెట్టాలో తెలియక ఇక్కడే ఆగిపోతారు. (ప్రశ్న "ఇంకా" అంటోందా "మొత్తం" అంటోందా చూడకుండా మార్కులు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నా.)

ఎకరాలు మారినా భయం లేదు. తొమ్మిదెకరాలు, 15 మంది అంటే 90 పనిదినాలు, 6 రోజులు. చేను పెరిగితే పని పెరుగుతుంది, అది అనులోమం. మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి, అది విలోమం. పెరిగేదానికొకటి, తగ్గేదానికొకటి అని రెండు బాణం గుర్తులు గీసి తికమక పడనక్కరలేదు.

అయితే పుస్తకం చెప్పకుండా అనుకునేది ఒకటుంది, అందరూ ఒకే వేగంతో చేస్తారని, నేల కూడా ఒకే తీరుగా ఉంటుందని. పదును ఆరిపోయి నేల గట్టిపడితే చెట్టు పీకినప్పుడు కాయలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, వాటిని మళ్లీ ఏరుకోవాల. అప్పుడు ఎకరాకు పదిమంది చాలరు. లెక్క చేసే తీరు అదే, మారేది ఆ పది.

చివర్లో పాప, "అయితే 60 మందొస్తే ఒక్క రోజులో కాయలు ఇంటికొస్తాయా అవ్వా?" అనింది. "పీకేది ఒక్క రోజే. చెట్టు చేన్లో ఆరాల గదా? ఎండకు కూలోళ్లను ఎక్కువ పెడతామా?" అని అమ్మ చాట పక్కన పెట్టి లేచింది.