క్రెడిట్: యూట్యూబ్

యూట్యూబ్ అనే ఆయన ఎవరో గానీ మహా కష్టజీవి. తుపానులో తడుస్తూ కూలిన చెట్టును తీసింది ఆయనే. కొండ అంచున వేలాడుతూ గద్ద గూటిని తీసిందీ ఆయనే. నమ్మకం లేకపోతే ఇతరుల వీడియోలు తెచ్చుకుని కామెంటరీ చెప్పే ఏ ఛానల్ అయినా తెరవండి. స్క్రీన్ కింది మూలన, కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడనంత అక్షరాల్లో "క్రెడిట్: యూట్యూబ్" అని ఉంటుంది. ఆయనకు తీరిక లేని రోజున తమ్ముడు గూగుల్ తీస్తాడు. ఇద్దరికీ కుదరకపోతే "సంబంధిత యజమానులు" అనే ఉమ్మడి కుటుంబం దిగుతుంది. వీళ్లు తప్ప ఈ భూమ్మీద కెమెరా పట్టినవాడు లేడు.

ఇక కామెంటరీ అనే మహత్కార్యం ఎలా సాగుతుందో మీకు తెలియనిది కాదు. అవతలివాడి పది నిమిషాల వీడియో ఫుల్ స్క్రీన్‌లో నడుస్తుంటుంది. కుడి మూలన ఒక గుండ్రటి కిటికీ. అందులో మన విశ్లేషకుడు. మొదటి నిమిషం తల ఊపుతాడు. రెండో నిమిషంలో కనుబొమలు పైకి లేపుతాడు. నాలుగో నిమిషంలో "అబ్బో" అంటాడు, అదే ఆనాటి విశ్లేషణకు పతాక సన్నివేశం. ఆరో నిమిషంలో ఒకసారి వీడియో ఆపుతాడు. మనం నిటారుగా కూర్చుంటాం, ఏదో చెప్పబోతున్నాడని. ఆయన మంచినీళ్లు తాగి మళ్లీ ప్లే నొక్కుతాడు. చివర్లో "మీకేం అనిపించిందో కామెంట్ చేయండి" అంటాడు. అంటే చేయాల్సిన ఆ ఒక్క పని కూడా మనకే అప్పగించాడన్నమాట.

ఈయన్ని కదిపితే చట్టం మాట్లాడతాడు. పది సెకన్లలోపు ముక్కలైతే ఎవరూ ఏం చేయలేరట. ఏ చట్టంలో ఉందో మాత్రం చెప్పడు, ఎందుకంటే ఎక్కడా లేదు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శకు, సమీక్షకు న్యాయంగా వాడుకోనిస్తుంది గానీ సెకన్ల లెక్క పెట్టలేదు. అమెరికా చట్టంలోనూ ఆ లెక్క లేదు. అక్కడ 2016లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకు సరిగ్గా ఇలాంటి తగువే వచ్చింది. మ్యాట్ హోసైన్‌జాదే తీసిన 5 నిమిషాల 24 సెకన్ల వీడియోలోంచి ఈథన్, హిలా క్లైన్ దంపతులు 3 నిమిషాల 15 సెకన్లు వాడుకున్నారు. సగానికి మించే! అయినా 2017లో జడ్జి కేథరిన్ ఫారెస్ట్ అది న్యాయమైన వాడకమే అన్నారు. వాళ్ల వీడియో దాదాపు 14 నిమిషాలు. ముక్క వేసి, ఆపి, దాన్ని ఉతికి, మళ్లీ ముక్క వేశారు. అది చూసినవాళ్లకు అసలు వీడియో చూసినట్టు ఉండదు. అదే తీర్పులో ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు: కొన్ని రియాక్షన్ వీడియోలు కామెంటరీ లేకుండా నలుగురు కలిసి కూర్చుని చూసే బాపతు అని. మన గుండ్రటి కిటికీ ఆయన్ని ఆవిడ ఎప్పుడు చూశారో!

కాబట్టి విషయమంతా ఆ ఆపడంలో ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. నీళ్లలో పడ్డ ఫోన్ గురించి ఒకాయన వీడియో చేశాడనుకోండి. అందులో ఆయన మాట ఇది: "బియ్యంలో పెడితే పైతడి కాస్త లాగుతుంది, కానీ లోపల చేరిన నీళ్లకు అది చాలదు." దీనిమీద మీరు కామెంటరీ చేయాలి. కోయాల్సింది "చాలదు" తర్వాత. ఆయన నోరు మూసుకున్నాక ఇంకో అర సెకను వదిలి, ఆ ఫ్రేమును అక్కడే నిలపాలి. నిలిపిన ఫ్రేమును కాస్త మసక చేస్తే, ఇప్పుడు మాట్లాడేది ఆయన కాదు, మీరని చూసేవాళ్లకు తెలుస్తుంది. అప్పుడు చెప్పండి: ఆ పైతడి కూడా మామూలు గాలికే ఆరుతుంది కదా, బియ్యం దుమ్ము ఛార్జింగ్ రంధ్రంలో దూరితే ఎవరిది బాధ్యత? అది చెప్పడం పూర్తయ్యాకే తర్వాతి ముక్క. మీ గొంతు నడుస్తుండగా ఆయన గొంతు కింద గొణుగుతూ ఉండకూడదు. రెండూ కలిస్తే ఎవరి మాటా వినపడదు.

మన విశ్లేషకుడు ఎక్కడ కోస్తాడో చెప్పనా? "లాగుతుంది" దగ్గర. ఆ "కానీ" ఆయనకు పడదు. అదీ ఫోన్ వీడియో ఆయన కళ్లు సగం మూసుకుని, నోరు వంకర పోయిన ఫ్రేము వెతికి మరీ నిలిపి, నాలుగు నిమిషాలు నవ్వుతాడు. అవతలి మనిషి తర్వాతి మాటలోనే చెప్పిన సంగతిని తాను కనిపెట్టినట్టు మనకు బోధిస్తాడు. చట్టం దీన్ని పట్టుకుంటుందో లేదో తర్వాతి సంగతి. ఇది మనిషి నోట్లో లేని మాట పెట్టడం.

పేరు వేయడానికి ఎంత పని? ముక్క మొదలైన క్షణం నుంచి నిలిపిన ఫ్రేము పోయేదాకా పై మూలన ఛానల్ పేరు, వీడియో పేరు, పెట్టిన తేదీ. ఫోన్‌లో చూసినా చదవగలిగే సైజు, తెల్ల గోడ ముందు కూడా కనపడేలా అక్షరాల వెనక నల్ల పట్టీ. డిస్క్రిప్షన్‌లో లింకు. అంతే. ఒకసారి తయారు చేసుకుంటే ముక్క ముక్కకీ కాపీ చేసుకోవచ్చు.

దీనికి టైము లేదంటారే, అదే ఒళ్లు మండిస్తుంది. వీళ్లకు టైము లేకేం? అసలు వీడియో మీద తీసినవాడి పేరు వాటర్‌మార్కుగా ఉంటుంది. దాన్ని బ్లర్ చేస్తారు! అది మూలలు మారుతుంటే వెంటపడి, ఫ్రేము ఫ్రేముకీ ఆ మసకను జరుపుతూ కూర్చుంటారు. పేరు టైపు చేయడానికి పట్టే సమయానికి ఎన్నో రెట్లు దాన్ని తుడవడానికి ఖర్చు పెడతారు. ఇది మరపు కాదు, బద్ధకం కాదు. ఒక మనిషి కష్టపడి తీసిన దాని మీంచి ఆ మనిషి పేరు గీకేసి, ఆ పక్కనే "క్రెడిట్" అని రాయడానికి ఎంత సిగ్గులేనితనం ఉండాలి? దొంగ అంటే కోపం వస్తుందట. రానివ్వండి.

ఇంత చేశాక మన విశ్లేషకుడి వీడియో మీద కంటెంట్ ఐడీ, అంటే కాపీ ముక్కల్ని పట్టే యూట్యూబ్ యంత్రం, క్లెయిమ్ వేస్తుంది. ఆ యంత్రం న్యాయం, అన్యాయం చూడదు, సరిపోలిందా లేదా అన్నదే చూస్తుంది. నిజాయితీగా చేసినవాళ్ల మీదా పడుతుంది, ముఖ్యంగా తెచ్చిన ముక్కలో వెనక పాట మోగుతుంటే. అందుకే తెలిసినవాళ్లు పాట లేని చోట కోస్తారు. క్లెయిమ్‌ను సవాలు చేస్తే అవతలివాళ్లకు జవాబు చెప్పడానికి 30 రోజులు ఉంటుంది. సవాలు ఫారంలో మీ కారణం రాయాలి. ఆపి మాట్లాడినవాళ్లకు అది సులువు: ఫలానా నిమిషంలో ఈ వాక్యం చూపించాను, దాని మీద ఈ అభ్యంతరం చెప్పాను, పేరు తెర మీదే ఉంది. మన విశ్లేషకుడు ఆ గడి ముందు చాలాసేపు కూర్చుంటాడు. నాలుగో నిమిషంలో "అబ్బో" అన్నానని రాయాలి కాబోలు.