ఫ్లెక్సీకి 300 డీపీఐ అడగడం మానేసి, చూసే దూరం అడగాలి

పెద్ద ఫ్లెక్సీ బ్యానర్ పని మొదలైన ప్రతిసారీ ఫైలు ఎంత రిజల్యూషన్‌లో ఉండాలన్న ప్రశ్న వస్తుంది, దానికి చాలామంది ఆలోచించకుండా 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లు, అని చెప్పేస్తారు. ఆ సంఖ్య తప్పేమీ కాదు, అయితే అది చేతిలో పట్టుకుని చదివే పత్రికకు సంబంధించినది. రోడ్డుకు అవతల, మనిషి తలకు పైన ఎత్తులో కట్టే ఇరవై అడుగుల బ్యానర్‌కు దానితో సంబంధం లేదు. అవసరం లేకపోయినా ఎక్కువ పెట్టుకుంటే నష్టమేముందని వాదించేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: నష్టం ఉంది, అది అచ్చయిన బ్యానర్ మీద కనిపిస్తుంది.

మామూలుగా మంచి చూపు ఉన్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు రెండు చుక్కలను విడివిడిగా గుర్తించగలదు. దీన్ని మన పనికి మార్చుకుంటే, మీటరు దూరంలో 0.29 మిల్లీమీటర్ల కన్నా చిన్న చుక్కలు కలిసిపోతాయి, అంటే అంగుళానికి సుమారు 87 పిక్సెళ్లు దాటితే కంటికి తేడా తెలియదు. దూరం పెరిగే కొద్దీ ఈ అవసరం అదే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి లెక్క తేలిక: 87ను మీటర్లలో ఉన్న దూరంతో భాగిస్తే అంగుళానికి కావలసిన పిక్సెళ్లు వస్తాయి. పత్రికను ముప్పై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఇదే లెక్క వేస్తే 290 వస్తుంది, పత్రికకు చెప్పే 300కు అది దగ్గరగానే ఉంది. కొందరి చూపు ఇంకా పదునుగా ఉంటుంది, కొందరు అనుకున్న దానికన్నా దగ్గరికి వస్తారు, అందుకని వచ్చిన సంఖ్యను రెట్టింపు చేసుకుంటే సరిపోతుంది. దూరం అంటే సగటు దూరం కాదు, అందరికన్నా దగ్గరగా నిలబడి చూసే మనిషి దూరమని మాత్రం మరిచిపోకూడదు.

ఒక బ్యానర్‌ను తీసుకుందాం. వెడల్పు ఇరవై అడుగులు, ఎత్తు పది అడుగులు, అందరికన్నా దగ్గరి మనిషి పన్నెండు మీటర్ల అవతల ఉంటాడు. 87ను 12తో భాగిస్తే సుమారు 7.3 వస్తుంది, రెట్టింపు చేస్తే 15. అంటే 240 అంగుళాల వెడల్పుకు 3600 పిక్సెళ్లు ఉంటే చాలు. మామూలు 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు, దాన్ని బ్యానర్ నిండా పరిచినా అంగుళానికి 25 పిక్సెళ్లు వస్తాయి, అంటే అవసరానికి మించే ఉన్నట్టు. ఇదే బ్యానర్‌ను 300తో చేయమంటే 72,000 పిక్సెళ్ల వెడల్పు, 36,000 పిక్సెళ్ల ఎత్తు కావాలి. అది మొత్తం 259 కోట్ల పిక్సెళ్లు, అచ్చుకు వాడే నాలుగు రంగుల సీఎంవైకేలో పది జీబీ దాటే బరువు. జేపెగ్ ఫార్మాట్ ఒక వైపున 65,535 పిక్సెళ్లకు మించి ఒప్పుకోదు, ఫోటోషాప్ మామూలు ఫార్మాట్ పీఎస్‌డీ 30,000 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి ఆ ఫైలును మామూలు దారిలో సేవ్ చేయడం కూడా కుదరదు.

కొందరు డిజైనర్లు ఫైలు 300లోనే ఉందని నిజాయితీగానే చెబుతారు, ఎందుకంటే వాళ్లు పదో వంతు కొలతలో పని చేస్తారు. 24 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు గల పేజీలో 300 పెట్టి, అచ్చు వేసేటప్పుడు పది రెట్లు పెంచితే అసలు కొలతలో అది 30 అవుతుంది, ఇది పూర్తిగా సరైన పద్ధతి. చిక్కు ఎక్కడంటే, ఈ 300 మాట నోటినుంచి నోటికి పాకి, పూర్తి కొలతలో కూడా 300 కావాలన్న షరతుగా మారిపోతుంది. అలాగే యంత్రం 720 డీపీఐలో వేస్తుందని చెప్పినప్పుడు అది సిరా చుక్కల లెక్క మాత్రమే. చిత్రంలోని ఒక్క పిక్సెల్ రంగును తేవడానికి యంత్రం చాలా చుక్కలు వేస్తుంది, కాబట్టి ఆ సంఖ్యను చూసి ఫోటోను పెంచుకోనక్కర్లేదు.

ఇక నష్టం ఎలా జరుగుతుందో చూద్దాం. మనం అంగుళానికి ఎన్ని పిక్సెళ్లని అడిగినప్పుడు ఆ సమాధానం ఫైలు గురించి వస్తుంది, కానీ చూసేవాళ్ల కన్ను పడేది ఫైలు మీద కాదు, దానిలోని ముఖం మీద. మన బ్యానర్ మీద ఒక మనిషి ముఖం ఆరడుగుల ఎత్తున, అంటే 72 అంగుళాల ఎత్తున రావాలనుకోండి. ఆ ఫోటో కెమెరాలో 6000 పిక్సెళ్ల వెడల్పుతో పుట్టింది, అందులో ముఖం ఎత్తు 1125 పిక్సెళ్లు. దాన్ని ఎవరో మెసేజింగ్ యాప్‌లో మామూలు ఫోటోగా పంపారు, యాప్ దాన్ని 1600 పిక్సెళ్ల వెడల్పుకు కుదించింది, దాంతో ముఖం 300 పిక్సెళ్లకు దిగిపోయింది. 300ను 72తో భాగిస్తే అంగుళానికి నాలుగు పిక్సెళ్లు మాత్రమే. ఒక్కో పిక్సెల్ ఆరు మిల్లీమీటర్ల పైన ఉంటుంది, పన్నెండు మీటర్ల దగ్గర కన్ను పట్టగల హద్దు మూడున్నర మిల్లీమీటర్లు. ఆ ముఖం మసకగా ఉన్నట్టు రోడ్డు అవతలి మనిషికి తప్పకుండా తెలుస్తుంది.

ఇప్పుడు డిజైనర్‌ను ఫైలు 300లో కావాలని పట్టుబడితే ఏం చేస్తాడు? ఫోటోషాప్‌లో `Image Size` తెరిచి, `Resample` టిక్ ఉంచి, సంఖ్య మార్చి ఇస్తాడు. అసలు ఫోటోలోని ఒక్కో పిక్సెల్ చోట 5184 పిక్సెళ్లు తయారవుతాయి, వాటిలో కొత్త సమాచారం ఒక్కటీ ఉండదు, పక్క పిక్సెళ్ల రంగులను చూసి నింపిన సరుకే ఉంటుంది. అడిగిన షరతు కాగితం మీద నెరవేరింది, ముఖం మాత్రం అంతే మసకగా ఉంది, పైగా అది మసకగా ఉందని కనిపెట్టే దారి మూసుకుపోయింది, ఎందుకంటే ఆ ఫైలును ఎవరు తెరిచి చూసినా 300 అనే కనిపిస్తుంది. అంతటితో ఆగదు. అంత బరువైన ఫైలును పంపడం కష్టమై, దాన్ని జేపెగ్‌లో గట్టిగా కుదించి, మళ్లీ అదే యాప్‌లో ప్రింటింగ్‌కు పంపేవాళ్లు ఉంటారు. 300 అడగకపోయి ఉంటే వంద ఎంబీల లోపు ఫైలు చెక్కుచెదరకుండా వెళ్లేది. అసలు ఫోటో కోసం ఒక్క ఫోన్ చేసి, దాన్ని డాక్యుమెంట్‌గా పంపమని అడిగి ఉంటే ముఖానికి 1125 పిక్సెళ్లు దొరికేవి, అంటే అంగుళానికి పదిహేనుకు పైనే, మనం రెట్టింపు చేసి వేసుకున్న లెక్కకు సరిగ్గా సరిపోయేవి. ఈ పనిలో నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే: మంచి ఫోటో ఎవరి ఫోన్‌లోనో, ఎవరి కంప్యూటర్‌లోనో భద్రంగా ఉంటుంది, మనం మాత్రం ఒక సంఖ్యతో తృప్తి పడి దాన్ని అడగము.

గట్టిగా కుదించిన జేపెగ్‌లో ఇంకో ప్రమాదం ఉంది, దూరం అన్నీ కప్పేస్తుందని నమ్మేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోరు. జేపెగ్ చిత్రాన్ని 8 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తు గల గళ్లుగా విడదీసి కుదిస్తుంది. కుదింపు ఎక్కువైతే ఆ గళ్ల అంచులు బుగ్గల మీద, ఆకాశం మీద, సాదా రంగు ఉన్న ప్రతిచోటా తేలతాయి. మన ముఖంలో పిక్సెల్ ఆరు మిల్లీమీటర్లయితే ఒక గడి దాదాపు ఐదు సెంటీమీటర్లు, అంటే అరచేతిలో సగమంత. పిక్సెల్ కంటికి అందని దూరానికి వెళ్లిన తర్వాత కూడా ఈ గడి అందుతూనే ఉంటుంది, చాలా దూరం నుంచి కూడా చర్మం మీద పలకలు పరిచినట్టు కనిపిస్తుంది. అందుకే చిన్నదైనా తక్కువ కుదించిన ఫోటో, పెద్దదైనా బాగా కుదించిన ఫోటో కన్నా మేలు. ఆ గళ్లు ఉన్న ఫోటోకు షార్ప్‌నెస్ పెంచితే గళ్ల అంచులే ముందు పదునెక్కుతాయి.

అక్షరాల విషయంలో నేను ఈ లెక్కను వర్తింపజేయను. గీత ఎక్కడ వంకర తిరిగిందో, ఎక్కడ మెట్టు పడిందో పట్టడంలో కన్ను చుక్కలను విడదీయడంలో కన్నా ఎన్నో రెట్లు చురుకైనది, కాబట్టి ముఖానికి చాలిన పదిహేను పిక్సెళ్లు పెద్ద అక్షరం అంచుకు చాలవు. అక్షరాలను ఫోటోలో కలిపేయకుండా కోరల్‌డ్రాలోనో ఇలస్ట్రేటర్‌లోనో వెక్టర్‌గానే, అంటే పిక్సెళ్లతో కాకుండా గీతల రూపంలోనే ఉంచి, ఫాంట్ తేడా రాకుండా కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్ పంపితే ఎంత పెద్దది చేసినా అంచు నున్నగా ఉంటుంది. ఫోటోకు తక్కువ పిక్సెళ్లు, అక్షరానికి పదునైన అంచు, ఈ రెండూ ఒకే బ్యానర్‌లో ఏ ఇబ్బందీ లేకుండా కలిసి ఉంటాయి.

ప్రింటింగ్‌కు పంపే ముందు చేయవలసిన పరీక్షకు ఒక్క ఏ4 కాగితం చాలు. ఫైలును పూర్తి కొలతలో పెట్టుకుని, ముఖంలోని ఒక కన్ను ఉన్న భాగాన్ని పది అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తుకు కత్తిరించి, పెంచకుండా తగ్గించకుండా అదే కొలతలో అచ్చు తీయాలి. ఆరడుగుల ముఖంలో ఒక కన్ను దాదాపు ఆ కాగితమంత వెడల్పు ఉంటుంది. చేతిలో పట్టుకుంటే అది ఘోరంగా కనిపిస్తుంది, రెప్పల వెంట్రుకలు ఏవీ విడిగా ఉండవు, కనుపాప అంచు మెట్లు మెట్లుగా ఉంటుంది. కాగితం చేతిలో ఉండగానే ఫోటో బాగోలేదని తీర్పు చెప్పకూడదు. దాన్ని గోడకు అతికించి, టేపుతో కొలిచి పన్నెండు మీటర్లు వెనక్కి వెళ్లి, వెలుతురు బాగా ఉన్న చోట నుంచి చూడాలి. అసలు ఫోటో నుంచి తీసిన కాగితం, యాప్‌లో వచ్చిన ఫోటో నుంచి తీసిన కాగితం పక్కపక్కన అతికిస్తే ఇంకా మంచిది. మొదటిదానిలో కన్ను కన్నులా నిలుస్తుంది, రెండోదానిలో రెప్ప గీత చర్మంలో కరిగిపోయి ఉంటుంది.

అసలు ఫోటో ఎంత వెతికినా దొరకకపోతే చేయవలసినది పిక్సెళ్లను పెంచడం కాదు, ముఖాన్ని చిన్నది చేయడం. 300 పిక్సెళ్ల ముఖాన్ని మూడడుగుల ఎత్తుకు దింపితే అంగుళానికి ఎనిమిది పిక్సెళ్లు దాటతాయి, పన్నెండు మీటర్ల దగ్గర కన్ను అడిగే 7.3కు అది కాస్త మించే ఉంటుంది. రెట్టింపు జాగ్రత్త మిగలదు, కుదింపు గళ్లు కూడా పూర్తిగా పోవు, ఆ విషయం బ్యానర్ కట్టించుకునేవాళ్లకు ముందే చెప్పాలి. మిగిలిన చోటును సాదా రంగుకూ వెక్టర్ అక్షరాలకూ ఇచ్చి, ముఖాన్ని ఆ కొలతలోనే మళ్లీ ఏ4 మీద అచ్చు తీసి చూసుకున్నాకే ప్రింటింగ్‌కు పంపాలి.