పాల కేంద్రం ఫైలులో ఖాళీ గడులు ఏం చెబుతాయి?

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో రైతులు పొద్దున, సాయంత్రం పాల కేంద్రానికి వెళ్లి పాలు పోస్తారు. ఎవరు ఎన్ని పాలు పోశారు, వెన్న శాతం ఎంత, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్, ఎంత, ఏ ధర కట్టారు అన్న వివరాలు కంప్యూటర్‌లో నమోదైతే, వాటిని నెలకోసారి సీఎస్‌వీ ఫైలుగా దించుకోవచ్చు. ప్రాజెక్టు చేసే విద్యార్థికైనా, లెక్కలు చూసే సూపర్‌వైజర్‌కైనా ఆ ఫైలు చేతికి రాగానే సగటులు తీసి గ్రాఫులు గీయాలనిపిస్తుంది. ఆ తొందరలో పాలు పోసిన మనిషి మీదికే అన్యాయంగా నింద వచ్చే అవకాశం ఉంది కాబట్టి, సగటు దాకా పోకముందే ఫైలులో ఏముందో, ఏం లేదో తేల్చుకోవడం ఎలాగో ఒక చిన్న నమూనాతో చూద్దాం. ఇందులోని అంకెలు వివరణ కోసం రాసినవి.

```
date,shift,mcode,qty,fat,snf,rate,amt
01-04-2024,M,0017,6.5,4.1,8.4,36.00,234.00
01-04-2024,E,0017,5.0,41,8.4,36.00,180.00
02-04-2024,M,0023,7.2,,,34.00,244.80
02-04-2024,M,0031,0,0,0,0,0
02-04-2024,E,0023,6.8,3.9,8.3,35.20,239.36
02-04-2024,E,0023,6.8,3.9,8.3,35.20,239.36
```

ఒక వరుస అంటే ఒక సభ్యుడు ఒక పూట పోసిన పాలు. `shift` కింద M అంటే ఉదయం, E అంటే సాయంత్రం అని ఊహించవచ్చు. కానీ `qty` లీటర్లా, కిలోలా అన్నది ఊహకు వదలకూడదు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. కాటా కిలోల్లో తూచి, సాఫ్ట్‌వేర్ లీటర్లలోకి మార్చే చోట్లు ఉంటాయి కాబట్టి, రెండు కేంద్రాల ఫైళ్లను కలిపినప్పుడు ఒకటి కిలోల్లో, ఒకటి లీటర్లలో ఉంటే మూడు శాతం తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టదు. ఆ సంగతి ఫైలు చెప్పదు, కేంద్రంలో పాలు పోయించుకునే వారిని అడిగితేనే తెలుస్తుంది. మన నమూనాలో అడిగి తేల్చుకున్నాం, లీటర్లే అనుకుందాం.

ఫైలును మొదటిసారి ఎక్సెల్‌లో తెరవడం మన అలవాటు. చూడటానికి తెరిస్తే ప్రమాదం లేదు, తెరిచి సేవ్ చేస్తేనే ప్రమాదం. ఎక్సెల్ 0017 అనే సభ్యుని కోడ్‌ను అంకె అనుకుని 17 చేస్తుంది. సభ్యుల జాబితాలో 0017 అనే ఉంటే ఈ రెండూ ఇక కలవవు, లేదా ఒకే మనిషి ఇద్దరుగా లెక్కకు వస్తాడు. అదే ఫైలులో పన్నెండు అంకెల గుర్తింపు సంఖ్య ఉందంటే అది 1.23457E+11 లాంటి రూపంలో కనిపిస్తుంది. ఆ స్థితిలో మళ్లీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెరమీద కనిపించే రూపమే ఫైలులోకి వెళ్తుంది, మిగతా అంకెలు పోతాయి.

తేదీల సంగతి ఇంకా చిత్రమైనది. కంప్యూటర్ అమరికలో నెల ముందు, రోజు తర్వాత అని ఉంటే, ఏప్రిల్ ఒకటి అని రాసిన 01-04-2024 జనవరి నాలుగు అయిపోతుంది, ఏప్రిల్ పన్నెండు డిసెంబరు నాలుగు అవుతుంది. పదమూడో తేదీ నుంచి నెల సంఖ్యగా పనికిరాదు కాబట్టి ఆ గడులు తేదీలుగా మారకుండా అక్షరాలుగానే మిగిలిపోతాయి. దీన్ని పట్టుకోవడం తేలిక. ఏప్రిల్ నెల ఫైలులో ప్రతి నెలా నాలుగో తేదీన మాత్రమే పాలు పోసినట్టు కనిపించినా, ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు గడికి కుడివైపు, కొన్ని ఎడమవైపు అంటుకుని ఉన్నా జరిగింది ఇదే.

అందుకని అసలు ఫైలును ముట్టకుండా ఒక నకలు తీసుకుని, అన్ని గడులనూ అక్షరాలుగానే చదవడం మంచిది. పైథాన్‌లో పాండాస్ వాడేవారికి అది ఇంతే:

```
import pandas as pd
df = pd.read_csv("april.csv", dtype=str,
                 keep_default_na=False)
for c in df.columns:
    print(df[c].value_counts().head(15))
```

`keep_default_na=False` లేకపోతే ఖాళీ గడినీ, NA అని రాసిన గడినీ, NULL అని ఉన్న గడినీ పాండాస్ ఒకే గంపలో వేస్తుంది. వాటిని రాసిన చేతులు వేరు, రాయడానికి కారణాలూ వేరు కాబట్టి మొదటి చూపులోనే వాటిని కలపడం తొందరపాటు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నమూనాలో 0023 సభ్యుడు రెండో తేదీ ఉదయం 7.2 లీటర్లు పోశాడు, వెన్న గడి ఖాళీగా ఉంది, అయినా 34 రూపాయల ధర కట్టారు. 0031 వరుసలో మాత్రం అన్నీ సున్నాలే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. 0031 ఆ పూట పాలు తేలేదు. సాఫ్ట్‌వేర్ సభ్యులందరికీ ఒక వరుస తెరిచి, రానివారికి సున్నాలు నింపింది. అక్కడ `qty` కింద సున్నా నిజమైన అంకె, ఎందుకంటే పోసిన పాలు సున్నా లీటర్లే. కానీ అదే వరుసలో `fat` కింద ఉన్న సున్నా కొలత కానే కాదు, లేని పాలకు వెన్న శాతం ఉండదు. ఒకే వరుసలో ఒక సున్నాను ఉంచుకుని, దాని పక్క సున్నాను ఖాళీగా మార్చాలి. ఫైలు మొత్తానికి ఒకే సూత్రం పెట్టే అలవాటు ఉన్నవారు ఇక్కడే దెబ్బతింటారు.

0023 ఖాళీ గడి సంగతి వేరు. పాలు వచ్చాయి, పరీక్ష ఫలితం లేదు. ఆ ఒక్కరి శాంపిలే తప్పిపోయిందా, ఆ పూట అనలైజరే పనిచేయలేదా? ఖాళీలను పూటల వారీగా లెక్కిస్తే తెలిసిపోతుంది:

```
print(df[df["fat"] == ""].groupby(["date", "shift"]).size())
```

ఆ పూట పాలు పోసిన అందరికీ గడి ఖాళీగా ఉండి, అందరికీ ఒకే 34 రూపాయలు కట్టి ఉంటే మిషనో కరెంటో పోయి, కేంద్రంవారు అందరికీ ఒకే ధర వేశారని అనుకోవడానికి బలమైన ఆధారం దొరికినట్టే. ఒక్కరికే ఖాళీ ఉంటే అది వేరే ప్రశ్న. ఈ తేడా తెలుసుకోకుండా ఆ గడిలో సున్నా వేశామనుకుందాం. ఒక రైతుకు 4.1, 3.9, 4.0 అని మూడు కొలతలుంటే సగటు 4.0. నాలుగో గడిలోని ఖాళీ సున్నాగా మారితే అది 3.0కు దిగుతుంది. ఆ అంకె చూసిన ఎవరికైనా ముందు తట్టేది పాలలో నీళ్లు కలిశాయన్న అనుమానమే.

సున్నా వద్దు, సగటుతో నింపుదాం అని చాలా శిక్షణ తరగతుల్లో నేర్పుతారు. ఇంకొందరు ఖాళీ వరుసలను తీసేస్తారు. రెండూ ఒక్క లైను పనులు, రెండూ పరిష్కారాల్లా కనిపిస్తాయి. నా ఉద్దేశంలో ఖాళీ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నను తప్పించుకునే మార్గాలే ఇవి. ఒక లెక్క చూడండి. ఉదయం పిండిన పాలకన్నా సాయంత్రం పిండిన పాలలో వెన్న సాధారణంగా కాస్త ఎక్కువ, ఎందుకంటే పగటిపూట రెండు పితుకుళ్ల మధ్య వ్యవధి తక్కువ. ఒక కేంద్రంలో ఉదయం సగటు 3.8, సాయంత్రం 4.2 అనుకుందాం. ముప్పై రోజులూ రెండు పూటలా కొలిస్తే, పోసిన పాలు సమానమైతే, నెల సగటు 4.0. కరెంటు పోయేది ఎక్కువగా సాయంత్రాలే అయి, పదిహేను సాయంత్రాలు ఖాళీగా ఉన్నాయనుకోండి. ఆ వరుసలు తీసేస్తే మిగిలిన నలభై ఐదు పూటల సగటు 3.93. అదే సగటుతో ఖాళీలు నింపినా మళ్లీ 3.93 వస్తుంది. వెన్న పాయింటుకు ఇంత అని ధర కట్టే చోట ఆ తేడా చిన్నది కాదు. సాయంత్రపు ఖాళీలను సాయంత్రాల సగటుతోనే నింపితే 4.0 దగ్గరికి వస్తాం, అయితే అలా చేయవచ్చని ఫైలును పూటలుగా విడదీసి ఖాళీలు ఎటువైపు పోగయ్యాయో చూశాకే తెలుస్తుంది. కొన్ని కేంద్రాల్లో సాఫ్ట్‌వేర్ సున్నాల వరుసలు తెరవదు, పాలు రాని పూటకు వరుసే ఉండదు. అప్పుడు ఖాళీని గడుల్లో వెతికి లాభం లేదు. ఏప్రిల్‌కు అరవై పూటలు ఉండాలి కదా, ఒక సభ్యునికి యాభై రెండు వరుసలే ఉంటే ఆవు వట్టిపోయిందా, పాలు వేరే డెయిరీకి పోసుకుంటున్నాడా, ఆ పూటల ఫైలే పైకి ఎక్కలేదా అని అడగాలి. పూటకెన్ని వరుసలున్నాయో లెక్కిస్తే చివరి అనుమానం తీరుతుంది.

ఇక వింత అంకెలు. రెండో వరుసలో వెన్న 41 అని ఉంది. 4.1లో చుక్క పడలేదని ఎవరైనా అంటారు, కానీ అనడం వేరు, చూపడం వేరు. ధర వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్‌లను బట్టి చార్టు ప్రకారం వస్తుంది. అదే ఎస్‌ఎన్‌ఎఫ్ 8.4తో, ఉదయం 4.1కు కట్టిన 36 రూపాయలే ఇక్కడా ఉంది, 5 లీటర్లకు 180 రూపాయలు సరిగ్గా సరిపోయింది. అంటే ధర కట్టింది 4.1 మీదే, తప్పు పడింది ఆ గడిలోనే. ఇలా పక్క గడులు సాక్ష్యం చెప్పినప్పుడు దిద్దవచ్చు. దిద్దిన విలువను కొత్త నిలువు వరుసలో వేసి, పాతదాన్ని అలాగే ఉంచాలి.

అదే ధోరణిలో 8 శాతం వెన్న కనబడితే కొట్టేయాలనిపిస్తుంది. మన ప్రాంతంలో ఆ పని చేయడానికి ముందు ఆగాలి. సంకరజాతి ఆవు పాలలో 8 శాతం అంటే అనుమానించాల్సిందే, ఎనుము పాలకైతే అది మామూలే. పుంగనూరు ఆవు పాలలోనూ వెన్న 8 శాతం దాకా ఉంటుందని పేరు. మన నమూనాలో ఏ పశువు పాలో చెప్పే నిలువు వరుసే లేదు. ఆ సభ్యుని మిగతా పూటలు చూడాలి. నెలంతా 7, 8 మధ్యే ఉంటే అది అతని పశువు సంగతి. మిగతావన్నీ 4 దగ్గర ఉండి ఒక్క పూట 8 వస్తే అప్పుడు శాంపిల్ సీసా మారిందేమో అడగాలి. ఆరు దాటినవన్నీ తీసేయమనే ఒక్క గీత ఎనుములు మేపేవారందరినీ లెక్కలోంచి తీసేస్తుంది.

చివరి రెండు వరుసలు అచ్చంగా ఒకటే. ఒకే పూట రెండు క్యాన్లు తెచ్చేవారు లేకపోలేదు, అయితే రెండు క్యాన్ల కొలత, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ దశాంశం దాకా కలవడం అరుదు. నెట్ తెగి, సాఫ్ట్‌వేర్ రెండోసారి పంపినప్పుడు ఇలాంటి జంటలు వస్తాయి. అలాగని `drop_duplicates()` కొట్టేసి ముందుకు పోవడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే 239.36 రూపాయలు ఒక ఇంటి డబ్బు. ఆ సభ్యునికి ఇచ్చిన బిల్లు తెప్పించి, ఆ బిల్లు కాలానికి ఫైలులోని `amt` కూడితే ఒక వరుసతో సరిపోతుందా, రెండింటితోనా అన్నది తేలుతుంది. బిల్లు దొరకకపోతే ఆ రెండు వరుసలకూ గుర్తు పెట్టి, ఒకసారి ఉంచి, ఒకసారి తీసి, రెండు మొత్తాలూ నివేదికలో చూపించాలి.