‘ఓటీపీ చెప్పొద్దు’ అంటే చాలదు

“అమ్మానాన్నలకు పెద్ద పెద్ద పాఠాలు అక్కర్లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దనండి, తెలియని నంబరు ఎత్తొద్దనండి. ఆశపడే వాళ్లకే ఈ మోసాలు, మనవాళ్లకు భయం లేదు. ఒకసారి డబ్బు పోయిందా, ఇక రాదు, పోలీసుల చుట్టూ తిరగడం దండగ. ఈ నాలుగు ముక్కలతో రెండు నిమిషాల బొమ్మల వీడియో చేసి గ్రూపుల్లో పెట్టండి, చాలు.”

ఈ మెసేజ్ నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు మేముండే అపార్ట్‌మెంట్లో పిల్లల దగ్గర ఉంటున్న తెలుగు పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం ఒక యానిమేషన్ చేయిద్దామనుకుని, మాటలు రాసే పని నాకు అప్పగించారు. మొదటిసారి నేను కూడా సరిగ్గా ఈ నాలుగు ముక్కలతోనే రాశాను. రాసింది మా పెద్దమ్మకు చదివి వినిపించాను. కిందటేడు ఆవిడకు ఇలాంటి ఫోన్‌లోనే ఆరు లక్షలు పోయాయి. చివరిదాకా విని ఒక్కటే అడిగింది: “నాకు జరిగింది ఇందులో యాడుందే?”

నిజంగానే లేదు. అందుకే ఒక్కో ముక్క తీసుకుని చెబుతున్నాను.

ముందు ఓటీపీ సంగతి. పెద్దమ్మను ఓటీపీ ఎవరూ అడగలేదు. పొద్దున పది గంటలకు రికార్డు చేసిన గొంతుతో ఒక కాల్ వచ్చింది. రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుంది, వివరాలకు తొమ్మిది నొక్కండి అని. నొక్కింది. లైన్లోకి వచ్చినవాడు హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడాడు. మీ ఆధార్ మీద ముంబైలో ఎవరో సిమ్ తీసుకున్నారు, దాంతో నల్లడబ్బు వ్యవహారం నడిచింది, పోలీసు అధికారికి కలుపుతున్నాను అన్నాడు. తర్వాత వాట్సాప్ వీడియో కాల్. అవతల యూనిఫాం, వెనక జెండా, టేబుల్ మీద ఫైళ్లు. ఆవిడ పేరు, ఆధార్ నంబరు ఉన్న నోటీసు ఒకటి చూపించారు. మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఫోన్ కట్ చేయకూడదు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు, చెబితే వాళ్లమీదా కేసు పడుతుంది అన్నారు. మీ డబ్బు న్యాయమైనదేనని తేల్చడానికి రిజర్వు బ్యాంకు ఖాతాలోకి పంపండి, రెండు రోజుల్లో వెనక్కి వస్తుంది అన్నారు.

ఆవిడ నడుచుకుంటూ బ్యాంకుకు వెళ్లింది. కాల్ ఆన్‌లోనే ఉంది, ఫోన్ చేతిసంచిలో ఉంది. ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే తీయించి, ఆర్‌టీజీఎస్ ఫారం నింపి సంతకం పెట్టింది. ఇంత డబ్బు ఎందుకమ్మా అని కౌంటర్లో అమ్మాయి అడిగింది కూడా. మనవరాలి కాలేజీ ఫీజు అని పెద్దమ్మ చెప్పింది. ఆ జవాబు కూడా వాళ్లు నేర్పి పంపిందే. రెండు లక్షలు, ఆ పైన మొత్తాలు పంపే ఆర్‌టీజీఎస్‌ను బ్రాంచిలో ఫారం మీద చేయిస్తే ఓటీపీ ఊసే రాదు. ఆవిడ తన చేత్తో రాసి, తన సంతకంతో పంపిన డబ్బు అది. ఓటీపీ చెప్పలేదు కాబట్టి తాను జాగ్రత్తగానే ఉన్నానని ఆవిడ చివరిదాకా అనుకుంది. సగం హెచ్చరిక చేసే చెరుపు ఇదే.

ఓటీపీ అడగని దారులు ఇంకా ఉన్నాయి. మీకు డబ్బు వేస్తున్నాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు. యూపీఐ పిన్ కొడితే డబ్బు మన ఖాతాలోంచి పోతుంది, రావడానికి పిన్ అక్కర్లేదు. చలానా అనో, బ్యాంకు రివార్డు అనో వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు పంపుతారు. అది ఫోన్లో ఎక్కించి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చామంటే ఓటీపీ మెసేజ్‌ను అదే చదివి వాళ్లకు చేరవేస్తుంది. ఇక ఎవరినీ అడగాల్సిన పనేముంది? అయినా ఇవన్నీ ఒకే వీడియోలో కుక్కకూడదు. మేం ఒక్క డిజిటల్ అరెస్టు కాల్‌తోనే ఆగాం.

తెలియని నంబరు ఎత్తొద్దన్న సలహా మా పెద్దవాళ్లు ఒక్కరోజు కూడా పాటించలేరు. గ్యాస్ తెచ్చేవాడు, మందులు తెచ్చేవాడు, ఆసుపత్రి రిసెప్షన్, కింద గేటు దగ్గర సెక్యూరిటీ, అందరివీ తెలియని నంబర్లే. పొద్దున లేస్తే నాలుగుసార్లు తప్పాల్సిన నియమాన్ని ఐదోసారికి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? బ్యాంకుల కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించిన మాట నిజమే. ఆ అంకె తెలిసి ఉండటం మంచిదే. కానీ పోలీసునని భయపెట్టేవాడి విషయంలో అది అక్కరకు రాదు. కాబట్టి స్క్రిప్టులో నంబరు గురించి ఒక్క ముక్కా పెట్టలేదు. ఫోన్ ఎత్తిన తర్వాత వినిపించే మాటల మీదే దృష్టి పెట్టాం. ముఖ్యంగా మూడు మాటలు: ఎవరికీ చెప్పొద్దు, ఫోన్ కట్ చేయొద్దు, డబ్బు పరిశీలన కోసం పంపు. ఇందులో ఏది వినపడినా అది దొంగ కాలే.

మూడో ముక్క నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. పెద్దమ్మ దేనికి ఆశపడింది? లాటరీకా, రెట్టింపు వడ్డీకా? అల్లుడి మీద కేసు పడుతుందేమోనని వణికిపోయింది, అంతే. 2025 నవంబరులో బెంగళూరులోనే వెలుగులోకి వచ్చిన ఒక కేసులో 57 ఏళ్ల ఐటీ ఉద్యోగినిని ఆరు నెలలకు పైగా ఇలాగే కాల్స్‌లో పట్టి ఉంచారు. 187 సార్లుగా దాదాపు 32 కోట్లు పంపించుకున్నారు. అక్కడ మొదలు ఒక పార్సిల్ పేరు చెప్పి భయపెట్టడం. చదువు తక్కువై కాదు, ఆశ ఎక్కువై కాదు. చట్టానికి భయపడేవాళ్లు, మాటకు విలువిచ్చేవాళ్లు, ఒంటరిగా ఇంట్లో ఉండేవాళ్లు ఈ మోసగాళ్లకు దొరుకుతారు. బెంగళూరులో మన పెద్దలకు ఇంకో ఇబ్బంది ఉంది. కన్నడం అంతంతమాత్రం, హిందీ సగమే అర్థమవుతుంది. అర్థంకాని సగాన్ని భయం నింపేస్తుంది.

బొమ్మలు వేసే కుర్రాడు మొదట మోసగాడికి నల్ల ముసుగు తొడిగాడు. దాన్ని తీయించాను. పెద్దమ్మ చూసిన మనిషికి ముసుగు లేదు. నున్నగా గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, మేడం మేడం అని పిలిచిన మనిషి అతను. ముసుగు బొమ్మ చూసి అలవాటు పడితే, యూనిఫాం మనిషిని చూసినప్పుడు అనుమానమే రాదు. అతని మాటలు కూడా ఆవిడ చెప్పినట్టే రాశాను:

“మేడం, గదిలో ఇంకెవరైనా ఉన్నారా? తలుపు వేయండి. ఫోన్ టేబుల్ మీద పెట్టండి, మీ ముఖం నాకు కనపడాలి.”

ఇక్కడ బొమ్మ ఆగుతుంది. నిదానంగా ఒక గొంతు వస్తుంది: “అత్తయ్యగారూ, మామయ్యగారూ, ఒక్క నిమిషం. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు. ఏ కోర్టూ ఫోన్లో డబ్బు అడగదు. తలుపు వేయమన్నాడంటే, మీవాళ్లు వింటారని వాడికి భయం.” చట్టంలో డిజిటల్ అరెస్టు లేదన్న మాట ప్రధాని కూడా 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో చెప్పారు. కావాలంటే ఆ సంగతి పిల్లలు పక్కన కూర్చుని చెప్పొచ్చు. వీడియోలో మాత్రం చదివే గొంతు ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ మధ్య రెండు సెకన్లు ఆగుతుంది. ఆగకపోతే మా పెద్దవాళ్లలో సగం మందికి రెండో వాక్యం అందలేదు.

ఇక నాలుగోది, డబ్బు రాదన్నది. పెద్దమ్మ డబ్బు పోయింది మధ్యాహ్నం పన్నెండు నలభైకి. ఆవిడ నోరు విప్పింది మూడున్నరకు. సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే హెల్ప్‌లైన్ నంబరు 1930కి కాల్ చేసేసరికి మూడు నలభై ఐదు. ఆ మూడు గంటల్లో డబ్బు మూడు ఖాతాల్లోకి చీలిపోయింది. రెండు ఖాతాలు ఖాళీ అయ్యాయి. మూడోదాంట్లో లక్షా నలభై వేలు ఇంకా మిగిలి ఉంటే బ్యాంకు ఆపేసింది. ఐదు నెలలకు, కోర్టు ఉత్తర్వు తర్వాత ఆ మొత్తం ఆవిడ ఖాతాకు వచ్చింది. మిగతాది రాలేదు. కాబట్టి అంతా వస్తుందని నేను అబద్ధం చెప్పను. కానీ ఎంత వస్తుందన్నది చాలావరకు ఎంత త్వరగా చెప్పామన్నదాని మీద ఉంది. 1930కి చేసినప్పుడు ఏ బ్యాంకు, ఎంత, ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు ఏమిటి అని అడుగుతారు. పాస్‌బుక్కు, మెసేజ్ దగ్గర పెట్టుకుంటే పది నిమిషాల పని. తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు పూర్తిచేయాలి.

మరి మూడు గంటలు ఆవిడ ఎందుకు చెప్పలేదు? అడిగితే, “ఆశకు పోయి పోగొట్టుకుందంటారని” అంది. మీ మూడో ముక్కకూ నాలుగో ముక్కకూ ఉన్న ముడి ఇదే. ఆశపడ్డవాళ్లకే పోతుందని ముందే చెప్పి ఉంచితే, పోగొట్టుకున్న మనిషి ఎవరితో చెప్పుకుంటుంది? అందుకే స్క్రిప్టులో కూతురు ఇంటికొచ్చాక “ఎందుకు పంపావమ్మా?” అనదు. “ఎన్నింటికి పంపావు?” అంటుంది, అంటూనే 1930 నొక్కుతుంది.

ఇలా తిరగరాసింది మళ్లీ పెద్దమ్మకు వినిపించాను. ‘వెంటనే ఫోన్ కట్ చేయండి’ అన్నచోట ఆపమంది. “కట్ చేస్తే పది నిమిషాల్లో ఇంటికొచ్చి పట్టుకుపోతామన్నారే. కట్ చేసినాక ఏమవుతుందో చూపిస్తే కదా ధైర్యం వచ్చేది” అంది. దాంతో ఇంకో ఇరవై సెకన్లు కలిపాం. ముసలావిడ ఫోన్ కట్ చేస్తుంది. అది మళ్లీ మోగుతుంది. మళ్లీ, మళ్లీ మోగుతుంది. ఆవిడ ఎత్తదు. పక్కింటి తలుపు తడుతుంది. వాళ్ల హాల్లో ఇద్దరూ కూర్చుంటారు. ఫోన్ ఏడోసారి మోగి ఆగిపోతుంది. గోడ గడియారంలో పది నిమిషాలు దాటతాయి. కాలింగ్ బెల్ మోగదు. పక్కింటావిడ లేచి కాఫీ పెడుతుంది.