అరవై సెకన్ల మిక్సీ యాడ్ స్క్రిప్టు గారికి, గోంగూర సాక్షిగా

అయ్యా స్క్రిప్టు గారూ,

నిన్న మధ్యాహ్నం రెండింటికి స్టూడియోకి రమ్మంటే వచ్చాను. గంటలో అయిపోతుందన్నారు. బయటపడేసరికి ఏడున్నర. మీరు హిందీలో పుట్టారు, ఆ భాషలో చక్కగా అరవై సెకన్లలో ఒదిగారు, సంతోషం. మిమ్మల్ని తెలుగులోకి దించే కూలీని నేను. నాకు అందిన తెలుగు ప్రతిలో వాయిస్ ఓవర్‌కి 131 మాటలున్నాయి. ఎవరు రాశారో అడగలేదు, అడిగితే మొహమాటం పోతుంది.

లెక్క చూడండి. మొదటి ఆరు సెకన్లు మాటల్లేకుండా ఫ్లూటు, చివరి ఐదు సెకన్లు లోగో మీద మ్యూజిక్కు, మధ్యలో కోడలికీ అత్తకీ కలిపి ఏడు సెకన్ల డైలాగు. మిగిలింది 42. తెలుగులో మనిషి మనిషిలా మాట్లాడితే సెకనుకి రెండు మాటలు, అవీ పొట్టివైతే. "శుభ్రపరచుకోవడానికి" అని రాసి సెకనుకి రెండు చెప్పమంటే ఎవరి వల్లా కాదు. అంటే 84 మాటలు. మిగతా 47 ఎక్కడ పెట్టుకోమంటారు, జార్‌లోనా? వాయిస్ చెప్పే ఆవిడ పాపం మొదటి టేకులో పరిగెత్తింది. అరవై సెకన్లకి పడింది గానీ మిక్సీ అమ్ముతున్నట్టు లేదు, రైలు తప్పిపోతున్నట్టుంది. రెండో టేకు నిదానంగా చెప్తే 83 సెకన్లు.

ఇక ఆ డైలాగు. తెరమీద కోడలు క్లోజప్‌లో "మమ్మీ జీ" అంటుంది. పెదాలు రెండుసార్లు మూసుకుంటాయి. మనం "అత్తయ్యా" అంటాం, అందులో పెదవి పెదవికి తగలదు. నోరు మూసుకున్న చోట మాట వినిపిస్తే ఇంట్లో చూసేవాళ్లు వెంటనే పట్టేస్తారు, అక్కడ ప, బ, మ ఏదో ఒకటి పడాల్సిందే. ఏజెన్సీ కుర్రాడు "మామ్మా" అందాం అన్నాడు. లిప్ కుదిరింది, వరస కుదరలేదు. నలభై అయిదేళ్ల ఆవిడ! చివరికి "మా అత్తయ్యా" అన్నాం. ఎవరూ అలా పిలవరు, ఒక పెదవి కూడా తప్పింది, అప్పటికి టైం నాలుగున్నర.

మిక్సీ ఆన్ చేసే షాట్ దగ్గర మ్యూజిక్ కాలమ్‌లో "మృదువైన వీణ" అని రాసుకున్నారు. మా ఇంట్లో మిక్సీ వేస్తే పక్కవాటా వాళ్లు టీవీ సౌండ్ పెంచుతారు. పోనివ్వండి. "మూడు నిమిషాల్లో ఇడ్లీ పిండి" అని వాయిస్ గట్టిగా చెప్తుంటే కింద చీమ తలంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో, "ప్రయోగశాల పరీక్షల ప్రకారం, పప్పు పరిమాణాన్ని బట్టి మారవచ్చు". చెప్పిన భాషలోనే ఆ షరతూ ఉండాలని ప్రకటనల ప్రమాణాల మండలి నియమాల్లోనే ఉంది కదా అంటే "అది లీగల్ చూసుకుంటుంది" అన్నారు. అదీ పోనివ్వండి.

గోంగూర మాత్రం పోనివ్వలేను.

హిందీలో అది కొత్తిమీర చట్నీ. తెరమీద కూడా కొత్తిమీరే, పచ్చగా, పల్చగా, జార్‌లో గిరగిరా తిరుగుతోంది. తెలుగు ప్రతిలో "మన గోంగూర పచ్చడి" అని రాశారు, ఒకసారి కాదు, నాలుగు సార్లు. కనెక్ట్ కావాలట. ఏమయ్యా, గోంగూర అంత పచ్చగా ఎక్కడైనా ఉంటుందా? ఆకు నూనెలో వేసి మగ్గించగానే రంగు మారి ముదురుగా ముద్దైపోతుంది. వేయించిన మిరపకాయలతో రోట్లో నూరితే ఆ రుచి వేరు, మిక్సీలో వెయ్యాల్సి వస్తే ఒక్క తిప్పు తిప్పి ఆపాలి, లేకపోతే జిగురు. నీ తెరమీద మాత్రం నీళ్లలా పారుతోంది! కొత్తిమీర పచ్చడి అంటే తెలుగువాళ్లు మిక్సీ కొనరా? మేం కొత్తిమీర తినమా?

ఈ మాట మెల్లగానే అడిగాను. ఫోన్లో అవతలి పెద్దమనిషి "సార్, గోంగూర ఈజ్ ఎమోషన్" అన్నాడు.

సరే, కోత మొదలుపెట్టాం. గ్యారంటీ వివరాలు తెరమీద ఉన్నాయి కదా అని వాయిస్‌లోంచి తీసేశాం. "అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో రూపొందించబడిన" మొత్తం పోయింది, దానికి ఏడవను. మోటారు వేడెక్కితే దానంతట అదే ఆగిపోతుందనీ, అడుగున ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుందనీ ఒక వాక్యం ఉండేది. మొత్తం స్క్రిప్టులో జనానికి పనికొచ్చే వాక్యం అదొక్కటే. ఆ బటన్ సంగతి తెలియక మా పిన్ని బాగున్న మిక్సీని రిపేరు షాపుకి మోసుకెళ్లింది. తొమ్మిది మాటలు. తీసేశారు. గోంగూర నాలుగూ ఉన్నాయి.

59 సెకన్లకి తెచ్చాం. ఒక్క మాట ఒప్పుకోవాలి, చివర్లో ఆవిడ ఊపిరి బిగబట్టి "రుబ్బుకుందాం రండి" అన్నప్పుడు వీణ సరిగ్గా అక్కడే తగ్గి, ఒక్క క్షణం నిజంగానే వంటింట్లోంచి పిలిచినట్టనిపించింది. కిటికీ అవతల ఇంజనీరు కూడా తలెత్తి చూశాడు.

రేపు పదింటికి మళ్లీ రమ్మన్నారు. మీ ఇరవై సెకన్ల తమ్ముడు వస్తున్నాడట. ఏ మాటైనా కోసుకోవచ్చు, గోంగూర తప్ప.

ఇట్లు,
మీ తెలుగు కూలీ