బాబాయ్ గారి ఆతిథ్యానికి ధన్యవాదములట!

సంక్రాంతికి కాకినాడలో మా పిన్ని వాళ్ళింట్లో దిగిన ఒక చుట్టాల కుటుంబం, తిరుగు ప్రయాణంలో గౌతమి ఎక్స్‌ప్రెస్ సామర్లకోట దాటకముందే ఫ్యామిలీ గ్రూపులో థాంక్స్ మెసేజ్ పెట్టేసింది. మామూలు మెసేజ్ కాదండోయ్. "గౌరవనీయులైన బాబాయ్ గారికి, మీరు చూపిన ఆత్మీయ ఆతిథ్యానికి మా కుటుంబం తరఫున హృదయపూర్వక ధన్యవాదములు" అని మొదలై, పూలగుత్తులు, జోడించిన చేతులు, మళ్ళీ పూలగుత్తులు. రిటైర్మెంట్ సన్మానపత్రం కూడా ఇంతకన్నా క్లుప్తంగానే ఉంటుంది.

సరే, బాబాయ్ గారి ఆతిథ్యం ఏమిటో న్యాయంగానే చూద్దాం. స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడారు. కాజాలు కొనుక్కొచ్చారు. దుప్పట్లు ఎక్కడున్నాయో పిన్నిని అడిగి మరీ అతిథులకి చెప్పారు. భోజనాల దగ్గర కూర్చుని "మొహమాటపడకండి, ఇంకో గారె వేసుకోండి" అన్నారు, ఆ గారె పొయ్యి మీద నూనెలోంచి ఇంకా పైకి రానేలేదు, అది వేరే విషయం.

మెసేజ్ కింద ఫోటోలు కూడా పెట్టారు. భోగి మంట ముందు అందరూ, ఉప్పాడ బీచ్‌లో అందరూ, అరటాకుల ముందు అందరూ. అందరూ అంటే పిన్ని తప్ప. ఆ, అబద్ధమెందుకు, ఒకదాంట్లో ఉంది: ఎడమవైపు చివర నెయ్యి గిన్నె పట్టుకున్న చెయ్యి, మోచేతి దాకా. దాని కిందే పెదనాన్న గారు "తమ్ముడి మర్యాదలే వేరు" అని, ఇంకో మావయ్య బొటనవేలు, మేనత్త గారు రెండు బొటనవేళ్ళు, చివరికి బాబాయ్ గారు "అంతా ఆ దేవుడి దయ" అని వినయంగా ఒప్పేసుకున్నారు. పిన్ని ఆ గ్రూపులో లేదు. ఆవిడది బటన్ల ఫోను. ఆ టైంలో అతిథులు కప్పుకున్న దుప్పట్లు నానబెడుతోంది.

అరిసెలు బాగున్నాయని కూడా రాశారు, బాబాయ్ గారికే! అరిసె అంటే ఏంటో తెలుసా అసలు? ముందురోజే బియ్యం నానబోసి, వడేసి, తడి ఆరకముందే మిల్లుకి పట్టుకెళ్ళి, పండగ క్యూలో నిలబడి పిండి పట్టించాలి. బెల్లం పాకం ఉండపాకం వచ్చిందా లేదా అని నీళ్ళగిన్నెలో వేసి చూస్తూ పొయ్యి దగ్గరే ఉండాలి, లేతైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయి. వేగిన ప్రతిదాన్నీ చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కాలి. నడుం పట్టేసి గోడకి చేరబడితే కూడా "పిన్నీ, కాఫీ" అన్నారు కదరా మీరు! ఆవిడ పేరు రాయడానికి చేతులు రాలేదా? పూలగుత్తులు నొక్కడానికి వచ్చాయే!

మరి ఏం రాయాలంటారా. ముందసలు రాయక్కర్లేదు, దిగగానే ఆవిడకి ఫోన్ చెయ్యాలి, ఎందుకంటే ఆవిడకి కావాల్సింది మీరు చేరారా లేదా అన్నది. తీరిగ్గా మాట్లాడాలంటే మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఇంకోసారి చెయ్యండి. గ్రూపులో పెట్టకపోతే నిద్ర పట్టదా, అయితే ఇలా పెట్టండి: "పిన్నీ, పొద్దున క్షేమంగా చేరాం. నువ్వు కట్టిచ్చిన పులిహోర రాత్రి ట్రైన్లో తిన్నాం, పక్క బెర్తు ఆయన కూడా అడిగి పెట్టించుకున్నాడు. కనుమ నాడు గారెలు మాకు వేస్తూ నువ్వు మూడింటికి తిన్నావు, చూశాం. మావాడు బాత్రూంలో ట్యాప్ విరగ్గొట్టాడు, ప్లంబర్‌కి ఎంతైందో చెప్పు. నీ స్టీలు డబ్బా నా దగ్గరుంది, వచ్చేవాళ్ళతో పంపిస్తా. బాబాయ్, ఇది పిన్నికి చదివి వినిపించు." అంతే. ఇందులో హృదయపూర్వకం ఎక్కడా లేదు, చూసుకోండి.

ఇంకో మనిషి ఉంది, ఏ మెసేజ్‌లోనూ ఎక్కదు. పండగ పూట కూడా వచ్చి, మీ నలుగురి కంచాలు, గ్లాసులు, మూకుళ్ళు రెండుపూటలా తోమిన పనావిడ. ఆవిడకి ఎమోజీలు పంపేదేం లేదు, బయల్దేరేటప్పుడు చేతిలో డబ్బులు పెట్టాలి. పెట్టారా? లేదు. ఆటోవాడితో ఇరవై రూపాయలకి బేరమాడారు, అది మాత్రం చూశాను.

ఇక ఆ డబ్బా. మూత మీద పిన్ని పేరు, పెళ్ళి సంవత్సరం చెక్కించి ఉంటాయి, కాబట్టి "ఎవరిదో తెలీలేదు" అనడం కుదరదు. ఖాళీగా పంపకండి, ఏదో ఒకటి వేసి పంపండి, కనీసం పంచదారన్నా.