ప్రీతి నిర్ణయం తెరమీద ఎందుకు లేదు?

2017లో ఐదు వారాల తేడాతో రెండు ప్రేమకథలు వచ్చాయి. జులైలో ‘ఫిదా’, ఆగస్టులో ‘అర్జున్ రెడ్డి’. రెండూ బాగా ఆడాయి. నాయిక గలగలా మాట్లాడితే ఒక కథ ముందడుగు వేసినట్టూ, మౌనంగా ఉంటే వెనకబడినట్టూ మనం లెక్కేస్తాం. ఆ లెక్క సరిపోదు. ఏ సన్నివేశం ఎవరి నిర్ణయం వల్ల పుట్టిందో చూడాలి.

‘అర్జున్ రెడ్డి’లో మొదట హీరో జూనియర్ల క్లాసులోకి వెళ్లి, నాయిక ప్రీతి తనదని అందరికీ చెప్పేస్తాడు. ఆమెను అడగకుండానే ముద్దు పెడతాడు. తర్వాత హోలీ రోజు వేరే కాలేజీ కుర్రాడు ఆమె మీద చెయ్యి వేస్తే, వెళ్లి చితకబాదుతాడు. అనుమతి ఆ కుర్రాడూ అడగలేదు, హీరో కూడా అడగలేదు. ఒకడిది అఘాయిత్యంగా, మరొకడిది ప్రేమగా మనకు తోచిందంటే, ఆ తేడా తెచ్చింది కెమెరా, నేపథ్య సంగీతం. ఆడపిల్లను కాపాడే వీరుడి సీన్లలో తరచూ జరిగేది ఇదే. దెబ్బలాట అయ్యేసరికి, ‘నీకు ఇష్టమేనా?’ అనే ప్రశ్న అడగాల్సిన అవసరమే లేకుండా పోతుంది.

ప్రీతి తర్వాత ఆ ప్రేమను మనసారా కోరుకుంటుంది, నిజమే. కానీ ఆ కథలో అందరికంటే ధైర్యమైన పని చేసింది కూడా ఆమే. బలవంతపు పెళ్లి చేస్తే కొద్దిరోజులకే భర్తను వదిలి వచ్చేసింది. కడుపుతో ఉండి ఉద్యోగం చేసుకుంది. ఇదంతా మనకు చివర్లో నాలుగు మాటల్లో తెలుస్తుంది. అర్జున్ తాగుడుకూ గడ్డానికీ బోలెడు నిడివి దొరికింది. ప్రీతి గడప దాటిన రోజుకు ఒక్క సీను దొరకలేదు. నాకు ముద్దుకంటే ఈ లోటే పెద్దదిగా కనిపిస్తుంది.

‘ఫిదా’లో చిక్కుముడే నాయిక భానుమతిది. సొంతూరు బాన్సువాడనూ నాన్ననూ వదిలి అమెరికా ఎందుకు పోవాలన్న ఆమె పట్టుదల మీదే కథ నడుస్తుంది. ఆ చిక్కు తీరాలంటే అమెరికాలో ఉండే హీరో వరుణ్ కదలాలి. చివరికి అతనే వస్తాడు. కొట్లాటలో గెలిచి కాకుండా, తన ప్రణాళిక మార్చుకుని నాయకుడవుతాడు.

అయినా అక్కడ ఒక సంగతి మిగిలిపోయింది. వరుణ్ ఊరు మారడం క్లైమాక్స్. భానుమతి అక్క రేణుక పెళ్లి చేసుకుని అదే అమెరికా వెళ్లడం మాత్రం మామూలు సాగనంపు. అతని ప్రయాణాన్ని త్యాగమని చప్పట్లు కొట్టినవాళ్లం, ఆమె ప్రయాణాన్ని ఆనవాయితీ అనుకుని ఊరుకున్నాం.